ఇరవయ్యో డ్యూటీ ఏడింటికా, రెండింటికా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువుల మీద ముగ్గురు మనుషుల్ని పెట్టాను. ఒకరి తర్వాత ఒకరు ఏడేసి గంటల డ్యూటీ, మధ్యలో ఖాళీ లేదు. మొదటి డ్యూటీ సోమవారం సాయంత్రం 6 గంటలకు మొదలైంది. ఇరవయ్యో డ్యూటీ ఎన్నింటికో ముందే బోర్డు మీద రాద్దామని షెడ్డులో గోడ గడియారం మీద వేలు పెట్టి లెక్కేస్తే ఒకసారి 7 వచ్చింది, ఇంకోసారి 2 వచ్చింది. పగలో రాత్రో కూడా తేలలేదు. మా అబ్బాయి 12తో భాగించి శేషం చూడమన్నాడు. అలా చేస్తే కొన్నిచోట్ల సున్నా వస్తోంది. గడియారంలో సున్నా ఎక్కడుందండీ? తప్పు రాని పద్ధతి చెప్పండి.
— ఒక రొయ్యల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మీకు వచ్చిన రెండు అంకెలూ సరైనవేనండి. 7 అనేది ఇరవయ్యో మనిషి డ్యూటీ ఎక్కే గంట, 2 అనేది అతను దిగే గంట. మీ వేలు ఒకసారి పందొమ్మిది అంగలు వేసింది, ఇంకోసారి ఇరవై వేసింది. అంతే తేడా.

గట్టు మీద వరుసగా ఇరవై కొబ్బరిచెట్లు ఉన్నాయనుకోండి. మొదటి చెట్టు నుంచి చివరి చెట్టుకు నడిస్తే మధ్యలో దాటే ఎడాలు పందొమ్మిదే. డ్యూటీలూ అంతే. మొదటి మనిషి ఎక్కేటప్పటికి ఒక్క డ్యూటీ కూడా గడవలేదు. రెండో మనిషి ఎక్కేటప్పటికి ఒకటి గడిచింది. ఇరవయ్యో మనిషి ఎక్కేటప్పటికి పందొమ్మిది గడిచాయి. అందుకని ఎక్కే గంట కావాలంటే డ్యూటీ నంబరులోంచి ఒకటి తీసేసి గుణించాలి, దిగే గంట కావాలంటే తీయక్కర్లేదు. డ్యూటీ బోర్డుల్లో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్కటి దగ్గరే పుట్టాయి. కూడిక తప్పయినవి చాలా తక్కువ.

ఇక మీ అబ్బాయి చెప్పిన మాట. అది నిజమే, కానీ సగమే చెప్పాడు. 12తో భాగిస్తే రెండు అంకెలు వస్తాయి. శేషం ఒకటి, భాగఫలం ఒకటి. అందరూ శేషం తీసుకుని భాగఫలాన్ని పారేస్తారు. పగలా రాత్రా అన్న మీ ప్రశ్నకు జవాబు ఆ పారేసిన దాంట్లోనే ఉంది.

ఎలాగో చూద్దాం. గంటల ముల్లు 12 నుంచి బయల్దేరి మళ్ళీ 12కి వస్తే 12 గంటలు గడిచినట్టు. ఆ ముల్లు ఎన్ని చుట్లు తిరిగిందో గడియారం ముఖం మీద గుర్తేమీ మిగలదు. ఒక చుట్టు తిరిగి 7 మీద ఆగినా, పదకొండు చుట్లు తిరిగి 7 మీద ఆగినా మనకు కనిపించేది 7 ఒక్కటే. నిండు చుట్లన్నీ తీసేశాక మిగిలేది శేషం, కాబట్టి ముల్లు ఎక్కడుందో శేషం చెబుతుంది. తీసేసిన చుట్లు ఎన్నో భాగఫలం చెబుతుంది. ఒక్కో చుట్టూ ఒక పూట. మధ్యాహ్నం 12 నుంచి అర్ధరాత్రి 12 దాకా ఒక పూట, అర్ధరాత్రి 12 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 దాకా ఇంకో పూట అనుకోండి. మొదటిదాన్ని సాయంత్రపు పూట అందాం, రెండోదాన్ని తెల్లవారు పూట అందాం. మామూలు మాటలో పూట అంటే ఇంత కచ్చితంగా ఉండదు గానీ, ఈ లెక్కకు ఇలా గీత గీసుకోవాలి.

మీ మొదటి డ్యూటీ సాయంత్రం 6కి. అంటే సోమవారం మధ్యాహ్నం 12 నుంచి అప్పటికే 6 గంటలు గడిచాయి. ఇరవయ్యో మనిషి ఎక్కేలోపు గడిచే డ్యూటీలు 19, ఒక్కోటి 7 గంటలు, కలిపి 133 గంటలు. దానికి మొదటి 6 కలిపితే 139. ఇప్పుడు 12తో భాగించండి.

139 = 12 × 11 + 7

శేషం 7, కాబట్టి గడియారంలో ఏడు. భాగఫలం 11. సోమవారం మధ్యాహ్నం నుంచి పదకొండు పూటలు నిండాయి, పన్నెండో పూట నడుస్తోంది. పూటలు రెండేసి కలిస్తే ఒక రోజు. పది పూటలకు అయిదు రోజులు, అంటే శనివారం మధ్యాహ్నం. పదకొండో పూట కూడా నిండితే శనివారం అర్ధరాత్రి. అక్కణ్ణుంచి 7 గంటలు, అంటే ఆదివారం ఉదయం 7. ఇరవయ్యో డ్యూటీ ఎక్కేది అప్పుడు.

దిగే గంట చూస్తే 20 × 7 = 140, దానికి 6 కలిపితే 146, అంటే 12 × 12 + 2. నిండిన పూటలు 12. అది సరిసంఖ్య, కాబట్టి మొదలైన పూటలోకే, అంటే సాయంత్రపు పూటలోకే వచ్చాం. ఆరు రోజులు గడిచాయి, ఆదివారం మధ్యాహ్నం 2. ఉదయం 7కి ఎక్కినవాడు ఏడు గంటల తర్వాత దిగాడు. రెండూ ఒకదానికొకటి సరిపోయాయి.

మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇంతే. భాగఫలం సరిసంఖ్య అయితే మొదలైన పూటే, బేసి అయితే రెండో పూట.

24తో భాగించకూడదా అని అడుగుతారేమో. భాగించవచ్చు, అదీ నిజమైన లెక్కే. కానీ మీ షెడ్డులో గోడ మీద ఉన్నది పన్నెండు అంకెల ముఖం. మీ మనుషులు చూసేది దాన్ని. అర్ధరాత్రి నుంచి గంటలు లెక్కపెట్టి 24తో భాగించినప్పుడు శేషం 19 వచ్చిందంటే మళ్ళీ అందులోంచి 12 తీసి సాయంత్రం 7 అని చెప్పుకోవాలి. పన్నెండో ఎక్కం అందరికీ నోటికి వస్తుంది, ఇరవైనాలుగో ఎక్కం రాదు. అందుకని నేను 12నే పట్టుకుంటాను.

ఇక సున్నా సంగతి. మీ వరుసలో ఏడో డ్యూటీ తీసుకోండి. గడిచినవి ఆరు, ఆరేళ్ళు నలభైరెండు, దానికి 6 కలిపితే 48. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది, శేషం సున్నా. ముల్లు చుట్టు పూర్తిచేసి సరిగ్గా 12 దగ్గర నిలబడిందని దాని అర్థం. గడియారంలో 12 అని రాసినచోటే మీ సున్నా ఉంది. చుట్టు ముగిసేదీ అక్కడే, కొత్త చుట్టు మొదలయ్యేదీ అక్కడే.

అయితే ఏ పన్నెండు? ఏడో డ్యూటీకి భాగఫలం 4. సరిసంఖ్య, మొదలైన పూటే. రెండు రోజులు గడిచాయి, బుధవారం మధ్యాహ్నం 12. ఇప్పుడు పందొమ్మిదో డ్యూటీ చూడండి. గడిచినవి 18, పద్ధెనిమిది ఏళ్ళు నూట ఇరవై ఆరు, 6 కలిపితే 132. పన్నెండు పదకొండులు 132. మళ్ళీ శేషం సున్నాయే, కానీ భాగఫలం 11. బేసి. కాబట్టి ఇది శనివారం అర్ధరాత్రి 12. శేషం ఒక్కటే చూసేవాడికి ఈ రెండు డ్యూటీలకూ తేడా తెలియదు. ఒకడు మిట్టమధ్యాహ్నం రావాలి, ఇంకొకడు నడిరాత్రి రావాలి.

ఈ అర్ధరాత్రి 12 దగ్గర ఇంకొక చిక్కుంది, అది అంకెలది కాదు, మాటలది. బడిపంతులు ఉద్యోగం రాకముందు నేను రెండేళ్ళు ఒక రైస్‌ మిల్లులో టైం పుస్తకం రాశాను. ఒకసారి బోర్డు మీద బాయిలరు మనిషికి "ఆదివారం రాత్రి 12" అని రాశాను. క్యాలెండరు ప్రకారం శనివారం రాత్రి 12 దాటితే ఆదివారమే కదా, ఆ లెక్కలో రాశాను. అతను ఆదివారం పగలంతా ఇంట్లో ఉండి, ఆ రాత్రి పన్నెండింటికి వచ్చాడు. సరిగ్గా ఒక రోజు ఆలస్యం. అంతకుముందు డ్యూటీలో ఉన్న మనిషి పద్నాలుగు గంటలు నిలబడ్డాడు. తప్పు వచ్చినతనిది కాదు. మనవైపు తెల్లారేదాకా ముందు రోజు రాత్రే లెక్క, పంచాంగంలో కూడా రోజు సూర్యోదయంతోనే మారుతుంది. ఆ తర్వాత నుంచి "శనివారం రాత్రి 12, తెల్లారితే ఆదివారం" అని పూర్తిగా రాసేవాణ్ణి. మీరు కూడా మీ బోర్డు మీద అలాగే రాయండి. రాత్రి 12కి, తెల్లవారుజాము 5కి మధ్య పడే ప్రతి డ్యూటీకీ ఇది అవసరం.

డ్యూటీ వరుస 12 గంటలకే మొదలయ్యే సందర్భం కూడా చెప్పాలి. అప్పుడు మొదటి గంటను 12 అని కలపకండి, సున్నా అని కలపండి. 12 కలిపితే శేషం మారదు గానీ భాగఫలం ఒకటి పెరుగుతుంది. దాంతో సరి బేసి అవుతుంది, పగలు రాత్రి అవుతుంది. శేషం సరిగ్గానే వస్తుంది కాబట్టి తప్పు జరిగిందని అనుమానం కూడా రాదు. ఇది పట్టుకోవడం కష్టం.

మీరు ఏడు గంటల డ్యూటీ ఎందుకు పెట్టుకున్నారో రాయలేదు గానీ, ముగ్గురు మనుషులకు అది చాలా మంచి అంకె. ముగ్గురూ ఒక్కో డ్యూటీ చేస్తే 21 గంటలు. రోజుకు ఇంకా మూడు గంటలు తక్కువ. కాబట్టి ఒకే మనిషి తన తర్వాతి డ్యూటీకి మూడు గంటలు ముందుగా ఎక్కుతాడు. మూడు గంటలంటే మన పాత లెక్కలో ఒక జాము. మీ మొదటి మనిషి సోమవారం సాయంత్రం 6కి ఎక్కాడు. తర్వాత మంగళవారం మధ్యాహ్నం 3కి, బుధవారం మధ్యాహ్నం 12కి, గురువారం ఉదయం 9కి, శుక్రవారం ఉదయం 6కి, శనివారం తెల్లవారుజామున 3కి, ఆ శనివారమే రాత్రి 12కి, ఆదివారం రాత్రి 9కి. ఎనిమిది వంతుల్లో ఎనిమిది జాములూ తిరిగి వచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ సోమవారం సాయంత్రం 6.

ఇది కాకతాళీయం కాదు. వారానికి 168 గంటలు, ఏడు గంటల డ్యూటీలు సరిగ్గా 24 పడతాయి. 24ను ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి ఎనిమిది. అందుకే ఇరవై అయిదో డ్యూటీ సరిగ్గా మొదటి డ్యూటీ లాగే మళ్ళీ సోమవారానికే, ఆ గంటకే, ఆ మనిషికే వస్తుంది. అంటే మీరు బోర్డు మీద 24 వరసలు ఒకసారి సరిగ్గా రాస్తే చాలు, పంట చేతికొచ్చేదాకా అదే బోర్డు. రెండువందలో డ్యూటీ ఎప్పుడని ఎవరైనా అడిగితే గడిచిన 199ని 24తో భాగించండి. ఎనిమిది వారాలు పోగా 7 మిగిలాయి. అంటే ఎనిమిదో డ్యూటీ ఎప్పుడో ఇదీ అప్పుడే, తొమ్మిదో వారంలో. ఏడేళ్ళు నలభైతొమ్మిది, 6 కలిపితే 55, అంటే 12 × 4 + 7. బుధవారం సాయంత్రం 7, ఎక్కేది రెండో మనిషి.

ఇందులో ఒక లోపం ఉంది, అది కూడా చెబుతాను. వారం వారం అదే బోర్డు కాబట్టి ఎవరికి పడిన గంటలు వారికే ఉండిపోతాయి. చెరువులో నీటి ఆక్సిజన్‌ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారేముందు అన్నిటికంటే కిందికి పడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున 3 నుంచి 6 దాకా ఏరియేటర్ల దగ్గర మెలకువగా ఉండాల్సిన మనిషి ఎవరో చూసుకోండి. మీ బోర్డు వేసి చూశాను. ఆ మూడు గంటలూ మొత్తం ఒక్కరే నిలబడే రాత్రులు ఒక్కొక్కరికీ వారానికి ఒకటో రెండో పడుతున్నాయి, మిగతా రాత్రుల్లో ఆ మధ్యలోనే మనిషి మారుతున్నాడు. బుధవారం తెల్లారేముందు 5కి మూడో మనిషి ఎక్కుతాడు, సోమవారం తెల్లారేముందు 4కి రెండో మనిషి ఎక్కుతాడు. కరెంటు పోయి జనరేటరు వెయ్యాల్సి వస్తే, అప్పుడే నిద్ర లేచి వచ్చిన మనిషి చేతిలో చెరువు ఉండకుండా ఆ రెండు రోజులూ పాత మనిషిని ఒక అరగంట పక్కనే ఉండమనండి. అలా ఉండటం వల్ల లెక్క మారదు. లెక్కకు కావలసింది ఒక మనిషి ఎక్కడానికీ తర్వాతి మనిషి ఎక్కడానికీ మధ్య గంటలు మాత్రమే. దిగేవాడు ఎంతసేపు ఆగినా దానికి సంబంధం లేదు.

ఎనిమిది గంటల డ్యూటీ పెట్టిన వాళ్ళకు గంటలు లెక్కపెట్టే ఈ బాధ లేదు. 6, 2, 10, మళ్ళీ 6. గడియారం మీద మూడే అంకెలు. ఎందుకంటే 8నీ 12నీ రెండిటినీ 4 భాగిస్తుంది, 12లో నాలుగులు మూడు, కాబట్టి మూడు అంగల్లోనే మొదటికి వచ్చేస్తాయి. తొమ్మిది గంటలైతే రెండిటినీ 3 భాగిస్తుంది, నాలుగు అంకెలు వస్తాయి. 7నీ 12నీ భాగించే అంకె ఒకటి తప్ప లేదు. అందుకే మీ డ్యూటీలు పన్నెండు అంకెల్లో దేన్నీ వదలవు, పన్నెండు అంగలు వేశాకే 6 దగ్గరికి తిరిగొస్తాయి. అప్పటికి పూట మాత్రం మారి ఉంటుంది. పదమూడో డ్యూటీ ఎక్కేది ఉదయం 6కి.

బోర్డు రాశాక తప్పు పట్టుకోవడానికి మీ అంకెలకు ఒక సులువుంది. మొదటి డ్యూటీ 6కి, సరి గంట. ఏడు బేసి కాబట్టి ప్రతి అంగకూ గంట సరి నుంచి బేసికి, బేసి నుంచి సరికి మారుతుంది. 12 సరిసంఖ్య కాబట్టి చుట్టు దాటినా ఈ వరస చెడదు. కాబట్టి ఒకటి, మూడు, అయిదు లాంటి బేసి నంబరు డ్యూటీలన్నీ సరి గంటల్లో ఎక్కాలి, సరి నంబరు డ్యూటీలన్నీ బేసి గంటల్లో ఎక్కాలి. ఇరవయ్యో డ్యూటీ 2 గంటలకు ఎక్కుతుందని బోర్డు మీద కనిపిస్తే భాగహారం చెయ్యకుండానే తప్పని చెప్పేయవచ్చు. ఒక అంగ ఎక్కువో తక్కువో పడిందన్నమాట. కొబ్బరిచెట్టు తప్పు పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు. పగలు రాత్రి తప్పును మాత్రం ఇది పట్టదు, దానికి భాగఫలమే చూడాలి.

నోటిలెక్క చేసేవాళ్ళు ఇంకొక దగ్గరదారి వాడతారు. ఏడు గంటలు ముందుకు వెళ్ళడం, అయిదు గంటలు వెనక్కి రావడం గడియారం ముఖం మీద ఒకటే. అందుకని 6 నుంచి అయిదేసి వెనక్కి లెక్కపెడుతూ 1, 8, 3, 10 అని చెప్పుకుంటూ పోతారు. గంటలు సరిగ్గానే వస్తాయి. కానీ వెనక్కి లెక్కపెట్టినప్పుడు పూటల లెక్క పూర్తిగా పోతుంది. గుణించకముందే 19లోంచి 12 తీసేసి 7తో లెక్క చెయ్యడం కూడా అలాంటిదే. 7 × 7 = 49, శేషం 1, 6 కలిపితే 7. గంట దొరికింది, రోజు పోయింది. సరిచూసుకోవడానికి వాడండి, బోర్డు రాయడానికి వద్దు.

రేపు ఏ కారణంతోనైనా డ్యూటీని ఆరున్నర గంటలు చేశారనుకోండి. శేషంలో అరగంటలు వస్తే తికమక అవుతుంది. అప్పుడు గంటలు మానేసి అన్నిటినీ అరగంటల్లో పెట్టండి. డ్యూటీ 13 అరగంటలు, మొదలు 12 అరగంటలు, చుట్టు 24 అరగంటలు. ఇరవయ్యో మనిషికి 19 × 13 = 247, 12 కలిపితే 259, అంటే 24 × 10 + 19. పందొమ్మిది అరగంటలంటే తొమ్మిదిన్నర. భాగఫలం పది, సరి. అయిదు రోజుల తర్వాత, శనివారం రాత్రి 9:30. అయితే ఆరున్నర గంటలకు మారితే వారం బోర్డు పని చెయ్యదు. 168లో ఆరున్నరలు నిండుగా పట్టవు.

ఈ లెక్కంతా గొలుసు తెగనంత వరకే. ఒక రాత్రి తుఫాను గాలికి తర్వాతి మనిషి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడనుకోండి. ఆ ఒక్క డ్యూటీనే తొమ్మిది గంటలు చేసి, తర్వాతివాణ్ణి అయిదు గంటలు చెయ్యగానే దింపి బోర్డు మీది గంటకు తిరిగి వస్తే ఏమీ మార్చక్కర్లేదు. అలా కాకుండా అందరూ రెండు గంటలు వెనక్కి జరిగితే, పాత బోర్డు మీద ప్రతి గంటకూ రెండు కలిపి సరిపెట్టుకోకండి, 12 దాటేచోట పూట మారడం మరిచిపోతారు. ఆలస్యంగా ఎక్కిన ఆ డ్యూటీనే ఒకటో డ్యూటీ అనుకుని, దాని గంటా వారమూ రాసుకుని, మళ్ళీ మొదటినుంచి 24 వరసలు వెయ్యండి.